నాన్నగారి ఊపిరితిత్తిలో నాడ్యూల్ ఏడు నెలల్లో 5 నుంచి 8 మి.మీ. అయిందా, లేక రెండు స్కాన్లు తీసిన తీరే వేరా?

కోటిపల్లి_రేవు · ఆదివారం, రాత్రి 9.12

మా నాన్నగారికి 64 ఏళ్ళు, కోనసీమలో ఉంటారు. పాతికేళ్ళు చుట్ట కాల్చి పదేళ్ళ క్రితం మానేశారు. వయసులో ఉన్నప్పుడు టీబీ వచ్చి, మందులు పూర్తిగా వాడారు. ఏడు నెలల క్రితం దగ్గు తగ్గకపోతే దగ్గర్లోని పట్టణంలో ఛాతీకి సీటీ తీయించాం. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 5 మి.మీ. నాడ్యూల్, అంటే చిన్న గింజ లాంటి గడ్డ, ఉందని రిపోర్టులో ఒక్క వాక్యం రాశారు. పోయిన వారం హైదరాబాద్‌లో ఇంకోచోట మళ్ళీ తీయించాం. ఈసారి 8 మి.మీ. అని, పెరిగినట్టు కనిపిస్తోందని, క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలని రాశారు. బయాప్సీ మాట వచ్చింది. అప్పటినుంచి మా అమ్మ సరిగ్గా భోజనం చేయడం లేదు.

నా అనుమానం ఒకటే. పాత సీడీలో 60 బొమ్మలు ఉన్నాయి. కొత్త సీడీలో 300 పైన ఉన్నాయి. పాతవి మెత్తగా, కాస్త మసకగా ఉన్నాయి. కొత్తవి ఇసుక చల్లినట్టు గరుకుగా, అంచులు కోసినట్టు ఉన్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పెరిగిందని చెప్పవచ్చా? పాతదానికి ఫిల్ము, సీడీ రెండూ ఉన్నాయి. నేను వైద్యుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని.

తెల్లకాగితం · ఆదివారం, రాత్రి 9.40

మసకగా ఉంటే నేను చేసే పని చెబుతాను. ఫిల్మును పగటిపూట కిటికీకి ఆనించి ఫోనుతో ఫోటో తీసి, అందులో వెలుగు పెంచుతాను. చాలా స్పష్టంగా వస్తుంది. డాక్టర్లు విండో మార్చడం అనేది కూడా అదే కదా. మీ పాత ఫిల్మును అలా చూడండి, నాడ్యూల్ ఎంత ఉందో మీకే తెలుస్తుంది.

రాత్రిడ్యూటీ · ఆదివారం, రాత్రి 11.55

తెల్లకాగితం గారూ, అది విండో మార్చడం కాదండి. దయచేసి ఎవరూ ఫిల్ము ఫోటో మీద కొలతలు తీయవద్దు.

సీటీలో ప్రతి చుక్కకూ ఒక సంఖ్య ఉంటుంది. నీరు 0, గాలి మైనస్ 1000. ఊపిరితిత్తి మైనస్ 850 దగ్గర, కండ 40 నుంచి 60 మధ్య, గట్టి ఎముక వెయ్యి పైన. అంటే కొన్ని వేల మెట్లు. తెర మీద మన కన్ను అన్ని బూడిదరంగు ఛాయలను వేరు చేయలేదు. అందుకని ఏదో ఒక ముక్కను ఎంచుకుని, ఆ ముక్కనే నలుపు నుంచి తెలుపు దాకా పరుస్తాం. విండో అంటే ఆ ముక్క. గుండె, రక్తనాళాలు చూసే మీడియాస్టైనల్ విండో వెడల్పు 400, నడిమి 40 అనుకోండి. అప్పుడు మైనస్ 160 కంటే కింద ఉన్నదంతా ఒకే నలుపు, 240 కంటే పైన ఉన్నదంతా ఒకే తెలుపు. ఫిల్ము మీద అచ్చయ్యాక ఆ నలుపులో మైనస్ 200 ఏదో, మైనస్ 850 ఏదో చెప్పే సమాచారం లేదు. ఎంత వెలుగు పెంచినా నలుపు బూడిదరంగవుతుందే గానీ, అందులో దాగినది బయటికి రాదు. సీడీలో సంఖ్యలు ఉంటాయి, ఫిల్ములో ఉండవు. తేడా అదే.

కోటిపల్లి_రేవు గారూ, మీ అనుమానం న్యాయమైనదే. జవాబు చెప్పేముందు నాకు మూడు సంగతులు కావాలి. రెండు స్కాన్లలోనూ స్లైస్ మందం, అంటే ఒక్కో బొమ్మలో పడే ఛాతీ ముక్క మందం, ఎంత? ఏ కెర్నెల్‌తో బొమ్మలు తయారుచేశారు? పాత ఫిల్ములో ఆ 5 మి.మీ. గీత ఏ విండో బొమ్మ మీద గీశారు?

జనరల్_వార్డు · సోమవారం, ఉదయం 7.20

నేను ఫిజీషియన్‌ని. రాత్రిడ్యూటీ గారు చెప్పినది సరే గానీ, మందం దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. 1 మి.మీ. స్లైసులు కావాలంటే రోగికి రేడియేషన్ ఎక్కువ ఇవ్వాలి. అందుకే చిన్న కేంద్రాల్లో 5 మి.మీ.తో సరిపెడతారు. పాతది మసకగా ఉందని ఇంకోసారి సన్నగా తీయించుకోవడం మంచిది కాదు. అయినా నాడ్యూల్ 5 నుంచి 8కి వెళ్ళిందంటే 3 మి.మీ. తేడా. 2 మి.మీ. దాటితే పెరుగుదలే అని మేం అనుకుంటాం. నా మాట వింటే బయాప్సీ వాయిదా వేయకండి.

కన్సోల్_వెనక · సోమవారం, ఉదయం 8.05

డాక్టర్ గారూ, పదిహేనేళ్ళుగా సీటీ యంత్రం ముందు కూర్చుంటున్నాను. ఇప్పటి మల్టీస్లైస్ యంత్రాల్లో మందం స్కాన్ తీసేటప్పుడు తేలదండి, తీశాక తేలుతుంది. రోగి బల్ల మీద నుంచి దిగిపోయాక యంత్రం దగ్గర రా డేటా ఉంటుంది. దాని నుంచి 5 మి.మీ. బొమ్మలు చేసుకోవచ్చు, 1 మి.మీ. చేసుకోవచ్చు, రెండూ చేసుకోవచ్చు. రోగికి అదనంగా ఒక్క కిరణం కూడా తగలదు. ఒక్క హద్దు ఉంది. డిటెక్టర్ వరుస ఎంత వెడల్పుతో పనిచేసిందో దానికంటే సన్నగా చేయలేం. 0.625తో తీస్తే 0.625 దాకా దిగవచ్చు, 1.5తో తీస్తే 1.5 దగ్గర ఆగిపోవాలి.

మీరన్నదాంట్లో నిజం కూడా ఉంది. స్లైసు సన్నబడితే ఒక్కో బొమ్మకు చేరే ఎక్స్‌రే తక్కువ. 5 నుంచి 1కి వస్తే నాయిస్ రెండింతలకు కాస్త పైన పెరుగుతుంది. ఆ గరుకు లేకుండా 1 మి.మీ. బొమ్మ 5 మి.మీ. అంత నున్నగా ఉండాలంటే మటుకు డోసు పెంచాలి. కాలేయం చూడటానికైతే అది పెద్ద చిక్కే. ఊపిరితిత్తిలో నల్లటి గాలి మధ్య తెల్లటి గింజ కాబట్టి ఆ ఇసుకలోనూ కనిపిస్తుంది.

చిన్న కేంద్రాల్లో 5తో సరిపెట్టడానికి అసలు కారణం వేరు. 60 బొమ్మలు రెండు మూడు ఫిల్ముల్లో పడతాయి. 300 బొమ్మలు ఎవరు అచ్చువేస్తారు, ఎవరు దాచిపెడతారు?

కోటిపల్లి_రేవు గారూ, ముందు ఒక తొందర పని చేయండి. హైదరాబాద్‌లో తీసిన చోటికి ఈరోజే ఫోను చేసి, నాన్నగారి రా డేటా ఇంకా ఉందా అని అడగండి. యంత్రం డిస్కు నిండేకొద్దీ పాతవి చెరిగిపోతుంటాయి. కొన్నిచోట్ల నాలుగైదు రోజులకు మించి ఉండవు.

పైథాన్_పంతులు · సోమవారం, ఉదయం 9.30

మందం, కెర్నెల్ కనుక్కోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. సీడీలోని ప్రతి డైకామ్ ఫైలులోనూ రాసే ఉంటాయి. మీరు సాఫ్ట్‌వేర్ మనిషే కాబట్టి:

```python
import pydicom
d = pydicom.dcmread("IM0001")
print(d.SliceThickness, d.ConvolutionKernel)
print(d.WindowCenter, d.WindowWidth)
```

ఫైలు పేరు మీ సీడీని బట్టి మార్చుకోండి. ఒకే సీడీలో రెండు మూడు సిరీస్‌లు ఉండవచ్చు, అన్నీ చూడండి. చివరి వరుసలో వచ్చే విండో అంకెలు తెరవగానే ఎలా చూపించాలో చెప్పే సూచన మాత్రమే. బొమ్మలోని సంఖ్యలను అవి మార్చవు.

కోటిపల్లి_రేవు · సోమవారం, సాయంత్రం 6.48

అందరికీ కృతజ్ఞతలు. వచ్చినవి ఇవి.

పాత సీడీలో ఒకే సిరీస్ ఉంది: `5.0`, `STANDARD`. కొత్తదానిలోనూ ఒకే సిరీస్: `1.0`, `B70f`.

ఫిల్ము చూశాను. రాత్రిడ్యూటీ గారూ, మీరు అడిగింది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. 5 మి.మీ. గీత మీడియాస్టైనల్ బొమ్మ మీద ఉంది. ఊపిరితిత్తులు నల్లగా ఉన్న బొమ్మ అది. కొత్త 8 మి.మీ. లంగ్ విండోలో కొలిచారు.

హైదరాబాద్ వాళ్ళకు ఫోను చేశాను. రా డేటా ఇంకా ఉందట, బుధవారం దాకా ఉంచుతామన్నారు. ఏమని అడగాలి?

రాత్రిడ్యూటీ · సోమవారం, రాత్రి 10.30

ఇక చిక్కు విడదీద్దాం. కాస్త లెక్క ఉంది, ఓపిక పట్టండి.

ఊపిరితిత్తి మైనస్ 850, నాడ్యూల్ 40, నాడ్యూల్ 7 మి.మీ. గుండ్రటి గోళీ అనుకుందాం. 5 మి.మీ. స్లైసు దాని నడిమధ్య నుంచి వెళ్ళింది. నడుమ స్లైసు మందమంతా నాడ్యూలే, కాబట్టి అక్కడ సంఖ్య 40. అంచువైపు వెళ్ళేకొద్దీ గోళీ పలచబడుతుంది, ఆ 5 మి.మీ.లో కొంత నాడ్యూల్, మిగతాది గాలి. యంత్రం ఆ రెండింటి సగటునే రాస్తుంది. మీడియాస్టైనల్ విండోలో మైనస్ 160 దాటితేనే నలుపులోంచి బయటపడుతుంది. అంత రావాలంటే స్లైసులో దాదాపు 3.9 మి.మీ. నాడ్యూల్ ఉండాలి. గోళీలో అంత మందం ఉండేది నడిమి 5.8 మి.మీ. వెడల్పులోనే. పైగా దాని అంచులు ముదురు బూడిదరంగులో ఉంటాయి, వాటిని వదిలి గీత గీస్తే 5 వస్తుంది. అదే స్లైసును లంగ్ విండోలో పెట్టండి: వెడల్పు 1500, నడిమి మైనస్ 600. అప్పుడు మైనస్ 600 దాటినదంతా సగం కంటే ప్రకాశంగా కనిపిస్తుంది. దానికి 1.4 మి.మీ. నాడ్యూల్ ఉంటే చాలు. గీత గీస్తే 6.9 వస్తుంది. ఒకే రోగి, ఒకే క్షణం, ఒకే స్లైసు. విండో మారితే కొలత ఒక మి.మీ. పైన మారింది.

ఇంకా ఘోరమైన సంగతి ఉంది. స్లైసు నడిమధ్య నుంచి వెళ్ళకుండా, రెండు స్లైసుల మధ్య హద్దు సరిగ్గా గోళీ నడుమ పడిందనుకోండి. ఒక్కో స్లైసుకు ఎక్కువలో ఎక్కువ 3.5 మి.మీ. నాడ్యూల్, 1.5 మి.మీ. గాలి. సగటు మైనస్ 227. మీడియాస్టైనల్ విండోలో అది నలుపే. 7 మి.మీ. గట్టి నాడ్యూల్ రెండు బొమ్మల్లోనూ ఉంది, ఒక్క బొమ్మలోనూ కనిపించదు. లంగ్ విండోలో కనిపిస్తుంది గానీ, ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. అంచుల్ని చూసి గ్రౌండ్ గ్లాస్, అంటే మసక అద్దం లాంటి పలచటి మచ్చ, అని రాసేవాళ్ళూ ఉన్నారు. నేనూ ఒకప్పుడు రాశాను.

అసలు స్లైసు అంచులు నా లెక్కలో చెప్పినంత నిక్కచ్చిగా ఉండవు. అయినా ఈ దారిలోనే నడుస్తాయి.

కాబట్టి మీ 5, మీ 8 ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. నాడ్యూల్ పెరగలేదని నేను చెప్పడం లేదు. పెరిగిందని ఆ రెండు అంకెలు చెప్పలేవు, అంతే. ఇలాంటి నాడ్యూల్స్‌ను ఎలా చూడాలో చెప్పే 2017 ఫ్లైష్నర్ సొసైటీ సూచనల్లో 1.5 మి.మీ. లేదా అంతకంటే సన్నని స్లైసుల్లో చూడమని, పొడవు వెడల్పుల సగటు తీసుకోమని, 2 మి.మీ. మారితే పెరుగుదలగా లెక్కించమని ఉంది. జనరల్_వార్డు గారు ఆఖరి ముక్క చెప్పారు, మొదటి రెండూ వదిలేశారు.

చందమామ_చెల్లి · సోమవారం, రాత్రి 11.10

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అమ్మ పోయిన దసరాకు మెట్ల మీద జారి పడింది. తలకు సీటీ తీశారు, రక్తస్రావం లేదన్నారు. రాత్రికి మత్తుగా ఉందని ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తే, అవే బొమ్మలు కంప్యూటర్‌లో చూసి, పుర్రె లోపలి గోడ వెంట పలచగా రక్తం ఉందన్నారు. మళ్ళీ స్కాన్ కూడా తీయలేదు. మొదటి వాళ్ళు అబద్ధం చెప్పారా, రెండోవాళ్ళు భయపెట్టారా అని ఇప్పటికీ ఇంట్లో గొడవే. ఇది కూడా విండో సంగతేనా?

రాత్రిడ్యూటీ · సోమవారం, రాత్రి 11.35

చందమామ_చెల్లి గారూ, బొమ్మలు చూడకుండా మీ అమ్మగారి గురించి తీర్పు చెప్పలేను. కానీ అలా జరగడానికి వీలుంది. మెదడును చూసే విండో చాలా ఇరుకు, వెడల్పు 80, నడిమి 40. 80 దాటినదంతా తెలుపే. తాజా రక్తం 60 నుంచి 80 మధ్య ఉంటుంది, అంటే దాదాపు తెలుపు. పక్కనే పుర్రె, అదీ తెలుపే. పలచటి రక్తపు పొర ఎముకకు అతుక్కుని ఉంటే ఎముక కాస్త మందంగా ఉన్నట్టు కనిపిస్తుంది. విండో వెడల్పును 200 దాకా పెంచి, నడిమిని 80 దగ్గర పెడితే ఎముక తెలుపులోనే ఉంటుంది, రక్తం బూడిదరంగులోకి దిగుతుంది, మధ్య గీత కనిపిస్తుంది. అందుకే తలకు దెబ్బ తగిలిన ప్రతి స్కాన్‌నూ ఈ రెండో విండోలో కూడా చూడాలి. ఫిల్ము మీద ఒకే విండో అచ్చువేస్తే ఆ అవకాశం ఉండదు. అబద్ధం చెప్పారని అనుకోవక్కరలేదు.

కన్సోల్_వెనక · మంగళవారం, ఉదయం 6.50

రాత్రిడ్యూటీ గారు కెర్నెల్ సంగతి వదిలేశారు, నేను అందుకుంటాను. `B70f` పదును కెర్నెల్. రా డేటాను బొమ్మగా మార్చేటప్పుడు అంచులను ఎత్తిచూపే గణితం అది. ఊపిరితిత్తిలో సన్నని గీతలు, గాలి గొట్టాల గోడలు చక్కగా తెలియడానికి వాడతాం. ఆ ఇసుక కొంత సన్నని స్లైసు వల్ల, ఎక్కువ భాగం ఈ కెర్నెల్ వల్ల. పాత `STANDARD` మెత్తటి కెర్నెల్, అంచుల్ని కాస్త పూసేస్తుంది, ఇసుకా తక్కువే.

దీనితో ఒక మోసం ఉంది. పదును కెర్నెల్ అంచు దగ్గర సంఖ్యను ఉన్నదానికంటే పైకి ఎగదోస్తుంది. పెద్ద గడ్డ అయితే అంచు ఒక చోట, నడిమి ఒక చోట, కాబట్టి నడిమి సంఖ్య చెడదు. 7 మి.మీ. గింజకు అంచే ఎక్కువ, నడిమి ఎక్కడుంది? అందుకని `B70f`లో గుండ్రటి గీత గీసి, 400 వచ్చింది కాబట్టి సున్నం పట్టిన పాత టీబీ మచ్చ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. సాంద్రత చూడాలంటే మెత్తటి కెర్నెల్ బొమ్మ ఉండాలి.

మీరు అడగాల్సినవి రెండే. ఒకటి, అదే రా డేటా నుంచి 1 మి.మీ. మెత్తటి కెర్నెల్‌తో, అంటే `B30f`తో సిరీస్. రెండు, అదే కెర్నెల్‌తో 5 మి.మీ. సిరీస్. రెండోది ఎందుకంటే, పాతదాన్ని సన్నగా చేయడం ఇక ఎవరివల్లా కాదు. ఏడు నెలల నాటి రా డేటా ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది, సగటు తీశాక సగటులోంచి విడి సంఖ్యలు తీయలేం. కొత్తదాన్ని మాత్రం పాతదాని స్థాయికి చెడగొట్టవచ్చు. అప్పుడు పక్కపక్కన పెట్టండి. అక్కడి టెక్నీషియన్‌కు ఇది పది నిమిషాల పని. కాస్త మర్యాదగా అడగండి, వరుసలో ముప్పై మంది ఉంటారు.

ట్రినిటీ_తీరం · మంగళవారం, ఉదయం 8.15

డల్లాస్ నుంచి రాస్తున్నాను, నేనూ రేడియాలజిస్టునే. కన్సోల్_వెనక గారి సలహాకు ఒకటి జోడిస్తాను. 5 మి.మీ. సిరీస్ రెండుసార్లు చేయించండి. రెండోసారి మొదలుపెట్టే చోటును 2.5 మి.మీ. జరిపి. హద్దు ఎక్కడ పడిందన్న అదృష్టం ఎంత తేడా తెస్తుందో మీ నాన్నగారి నాడ్యూల్ మీదే తెలిసిపోతుంది. పాత స్కాన్‌లో ఆ హద్దు ఎక్కడ పడిందో మన చేతిలో లేదు కదా.

కోటిపల్లి_రేవు · గురువారం, రాత్రి 8.20

మూడు సిరీస్‌లూ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఆ టెక్నీషియన్‌గారు, ఇంత వివరంగా కాగితం రాసుకుని వచ్చిన మొదటి మనిషివి నువ్వేనన్నారు. ఉచిత వ్యూయర్‌లో నేనే కొలిచాను, తర్వాత అక్కడి రేడియాలజిస్టుగారు కూడా కొలిచి అవే అంకెలు చెప్పారు. అన్నీ లంగ్ విండోలోనే.

పాత 5 మి.మీ. సిరీస్‌లో నాడ్యూల్ 7 × 6. రిపోర్టులో ఉన్న 5 కాదు. కొత్త దాన్ని 5 మి.మీ.గా చేస్తే 7 × 6. స్లైసు హద్దు 2.5 మి.మీ. జరిపితే అదే నాడ్యూల్ 6 × 5. కొత్త 1 మి.మీ.లో 8 × 6. ఒక పక్కన చిన్న తోక లాంటిది ఉంది, మందపు బొమ్మల్లో అది కరిగిపోయింది.

సాంద్రత సంగతి. నడిమి చుక్క మీద గీత గీస్తే `B70f` 1 మి.మీ.లో 520, `B30f` 1 మి.మీ.లో 330, `B30f` 5 మి.మీ.లో 150. పాత సీడీలో 140. ఇది చూసి నాకు కాసేపు నోట మాట రాలేదు. ఒకే గింజకు మూడు సంఖ్యలు!

రాత్రిడ్యూటీ · గురువారం, రాత్రి 11.20

ఆ సంఖ్యలు నాకు ఆశ్చర్యం కలిగించలేదు. నడుమ 2 మి.మీ. సున్నపు గింజ, చుట్టూ కండ ఉందనుకోండి. గింజ 400, కండ 40. 5 మి.మీ. స్లైసులో 2 మి.మీ. గింజ, 3 మి.మీ. కండ, సగటు 184. సున్నం అనడానికి మామూలుగా 200 గీత పెట్టుకుంటాం, దానికి కింద ఉండిపోయింది. పాత రిపోర్టులో సున్నం మాట లేకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. కనిపించక రాయలేదు, నిర్లక్ష్యం కాదు. 1 మి.మీ. మెత్తటి బొమ్మలో 330 అంటే నేను నమ్ముతాను. 520లో కెర్నెల్ వాటా ఉంది.

టీబీ మందులు వాడిన మనిషి, పైభాగంలో నాడ్యూల్, నడుమ సున్నం, ఒకే కొలబద్దతో చూస్తే పరిమాణం మారలేదు. నేనైతే బయాప్సీ సూది పట్టుకోను.

ట్రినిటీ_తీరం · శుక్రవారం, ఉదయం 7.40

నేను అంత తొందరగా తేల్చను. స్లైసు హద్దు జరిపితేనే ఒక మి.మీ. తేడా వచ్చింది. అంటే ఈ పోలికకు ఒక మి.మీ. వరకు చూపు లేదు. 6 మి.మీ. గోళీ 7 అయితే ఘనపరిమాణం ఒకటిన్నర రెట్లకు పైన పెరిగినట్టు. అది జరిగి ఉండదని ఈ బొమ్మలు చెప్పవు. జరిగిందనీ చెప్పవు. పైగా రెండు యంత్రాలు వేరు, ఒక సంస్థ మెత్తటి కెర్నెల్ ఇంకో సంస్థ మెత్తటి కెర్నెల్‌తో సమానం కాదు.

ఇంకో ప్రశ్న. సున్నం నడుమ ఉందన్నారు, ఏ దిక్కు నుంచి చూసి? 1 మి.మీ. సిరీస్ చేతిలో ఉంది కాబట్టి ముందు నుంచి చూసినట్టు, పక్క నుంచి చూసినట్టు కూడా తిప్పి చూడండి. నడుమ ఉంటే ధైర్యం. ఒక పక్కకు ఉంటే ఆ ధైర్యం లేదు, పాత మచ్చను మింగుతూ పెరిగే క్యాన్సర్‌లోనూ సున్నం పక్కన కనిపిస్తుంది. ఆ తోక సంగతీ ఎవరూ మాట్లాడలేదు.

జనరల్_వార్డు · శుక్రవారం, ఉదయం 9.05

రేడియేషన్ విషయంలో నేను పొరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. మా దగ్గరికి వచ్చే రిపోర్టుల్లో మందం, కెర్నెల్ ఎప్పుడూ ఉండవు, అంకె ఒక్కటే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ అంకెలనే తీసివేతలు చేస్తున్నాను. కానీ చుట్ట కాల్చిన మనిషి అన్న మాట మీరు మరిచిపోతున్నారేమో. బొమ్మలో సున్నం కనిపించినా నేను పల్మనాలజిస్టు దగ్గరికి పంపకుండా వదలను.

కోటిపల్లి_రేవు · శనివారం, రాత్రి 9.30

తిప్పి చూశాను. అడ్డంగా చూస్తే నడుమ ఉంది. ముందు నుంచి చూస్తే కాస్త పైకి జరిగినట్టు ఉంది. తోక ఒక రక్తనాళం దగ్గరికి వెళ్తోంది, అదే నాళమా, నాడ్యూల్ భాగమా అన్నది రేడియాలజిస్టుగారు కూడా గట్టిగా చెప్పలేదు.

ఈరోజు పల్మనాలజిస్టుగారిని కలిశాం. పెన్‌డ్రైవ్ తీసుకుని అరగంట చూశారు. బయాప్సీ ఇప్పుడు వద్దు, మూడు నెలలకు అదే యంత్రంలో తక్కువ డోసుతో ఒక స్కాన్ తీసి, అప్పుడు మాట్లాడదామన్నారు. తక్కువ డోసు అంటే ఇసుక ఇంకా పెరుగుతుంది కదా, ఇంత చిన్నదానికి సరిపోతుందా అని అడిగితే, ఊపిరితిత్తిలో సరిపోతుందని, పరిమాణం చూడటానికి నాయిస్ అడ్డం కాదని చెప్పారు. సాంద్రత మటుకు కాస్త ఊగవచ్చన్నారు.

కన్సోల్_వెనక · ఆదివారం, ఉదయం 7.15

మూడు నెలల తర్వాత ఆ గదిలో వేరే టెక్నీషియన్ ఉంటారు, ఇవేవీ వారికి తెలియవు. రిక్వెస్టు కాగితం మీద ఇలా రాయించండి: 1 మి.మీ. మందం, 0.7 మి.మీ. ఎడం, `B30f`, `B70f` రెండూ, ఊపిరి పూర్తిగా పీల్చి బిగపట్టించాలి. చివరిది చిన్న విషయం అనుకోకండి. ఊపిరి సగం వదిలేస్తే ఊపిరితిత్తి చిక్కబడి బొమ్మలో కాస్త తెల్లబడుతుంది, నాడ్యూల్ అంచు ఇంకోలా కనిపిస్తుంది. సీడీలో అన్ని సిరీస్‌లూ వేయించుకోండి, ఫిల్ము అడగవద్దు.

కోటిపల్లి_రేవు · ఆదివారం, ఉదయం 10.02

రాయించాను. ఒక నకలు నాన్నగారి మందుల డబ్బాలో పెట్టాను, ఒకటి నా ఫోనులో ఉంది. అమ్మ ఈ పూట భోజనం చేసింది. మూడు నెలలకు ఇక్కడే మళ్ళీ రాస్తాను.

చందమామ_చెల్లి · ఆదివారం, ఉదయం 11.30

అమ్మ పాత సీడీ బీరువాలో దొరికింది. పైథాన్_పంతులు గారూ, ఆ నాలుగు వరుసలు ఫోనులో నడపవచ్చా? మా ఇంట్లో కంప్యూటర్ లేదు.